క్యాబిన్‌లో గాలి ఎటు పోతుంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

విమానాల మెయింటెనెన్స్‌లో పని చేస్తానని చెప్పగానే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "కిటికీకి చిన్న చిల్లు పడితే చాలు, అందరూ బయటికి లాక్కుపోతారటగా?" ఇన్నేళ్లలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. క్యాబిన్ ఒత్తిడి మెల్లగా తగ్గిపోతే ఏమవుతుందని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. మా పనిలో ఉన్నవాళ్లం ఎక్కువ భయపడేది దానికే.

అపోహ: క్యాబిన్ అంటే గాలి చొరబడకుండా బిగించి మూసిన డబ్బా

కాదు. పంక్చరైన ట్యూబుకు ఆపకుండా పంపు కొడుతూ ఉంటే ఎలా ఉంటుందో, క్యాబిన్ అలా ఉంటుంది. ఇంజన్ కంప్రెసర్‌లో ఒత్తిడికి గురైన గాలిలో కొంత భాగాన్ని పక్కకు తీస్తాం. దాన్ని బ్లీడ్ ఎయిర్ అంటాం. అది బాగా వేడిగా ఉంటుంది కాబట్టి ముందు ప్యాక్ అనే యంత్రంలో చల్లబడి, తర్వాత క్యాబిన్‌లోకి వస్తుంది. (బోయింగ్ 787లో బ్లీడ్ లేదు, విద్యుత్ కంప్రెసర్లు ఆ పని చేస్తాయి. తర్వాతి కథంతా ఒకటే.) వచ్చిన గాలి వచ్చినట్టే విమానం వెనక భాగంలో ఉండే ఔట్‌ఫ్లో వాల్వు గుండా బయటికి పోతూ ఉంటుంది. లోపలికి వచ్చే గాలి దాదాపు ఒకే తీరున వస్తుంది. ఒత్తిడిని నిర్ణయించేది ఆ వాల్వు ఎంత తెరుచుకుందన్నదే. కొంచెం మూస్తే ఒత్తిడి పెరుగుతుంది, కొంచెం తెరిస్తే తగ్గుతుంది. కంట్రోలర్ దాన్ని మోటారుతో అటూ ఇటూ కదిలిస్తూనే ఉంటుంది.

విమానం 36,000 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు బయట ఒత్తిడి చదరపు అంగుళానికి మూడు పౌన్ల పైచిలుకు. లోపల 11కు కాస్త తక్కువ, అంటే 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత. దీన్నే క్యాబిన్ ఎత్తు అంటాం. పైలట్ ముందున్న మీటరు చూపించేది కూడా ఈ ఎత్తునే.

అపోహ: తుపాకీ గుండంత చిల్లు పడినా అంతా అయిపోతుంది

ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఒక్కో మనిషికి నిమిషానికి దాదాపు పావు కిలో తాజా గాలి ఇవ్వాలన్నది డిజైన్ నియమం. 180 మంది కూర్చునే విమానంలోకి నిమిషానికి 45 కిలోల గాలి వస్తోందనుకోండి. అంత గాలీ బయటికి పోవాలంటే మొత్తం మీద ఏడెనిమిది సెంటీమీటర్ల వ్యాసమున్న రంధ్రమంత దారి కావాలి. ఆ దారి ప్రయాణమంతా తెరిచే ఉంటుంది, మనం కాఫీ తాగుతూ కూర్చుంటాం. 9 మిల్లీమీటర్ల చిల్లు గుండా పోయే గాలి నిమిషానికి ముప్పావు కిలో కూడా ఉండదు. ఔట్‌ఫ్లో వాల్వు ఆ మేరకు కాస్త మూసుకుంటుంది, అంతే. పక్కన కూర్చున్నవాళ్లకు ఈల వేసినట్టు చప్పుడు వినిపిస్తుంది.

కిటికీ మొత్తం ఊడిపోతే సంగతి వేరు. అప్పుడు ఏ ప్యాకూ ఆ గాలిని భర్తీ చేయలేదు, కొన్ని పదుల సెకన్లలో లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సమానమైపోతుంది. పెద్ద చప్పుడు వస్తుంది. గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడటంతో క్యాబిన్ అంతా తెల్లటి పొగమంచు కమ్ముతుంది. చాలామంది దాన్ని పొగ అనుకుని మంటలేమోనని హడలిపోతారు. ఊపిరితిత్తుల్లోని గాలి కూడా వ్యాకోచిస్తుంది కాబట్టి ఊపిరి బిగబట్టకూడదు, దాన్ని బయటికి పోనివ్వాలి.

లాక్కుపోవడం అనేది రంధ్రానికి బాగా దగ్గరగా ఉన్నవాళ్లకే. నాలుగు వరుసల అవతల అది గట్టి ఈదురుగాలి, అంతే. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మీద ఎగురుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ 243 విమానానికి 24,000 అడుగుల ఎత్తున పైకప్పు దాదాపు 18 అడుగుల పొడవున ఊడిపోయింది. రేకుల అతుకుల దగ్గర ఏళ్ల తరబడి పెరిగిన పగుళ్లే కారణం. ఆ సమయంలో నడవలో నిలబడి ఉన్న క్యాబిన్ ఉద్యోగిని ఒకరు కొట్టుకుపోయారు. ఉన్న 95 మందిలో మిగతా 94 మందీ బతికారు. ప్రయాణికులు బెల్టులు పెట్టుకునే ఉన్నారు, తలల మీద ఆకాశం ఉంది.

తలుపు తీసేస్తారేమోనన్న భయానికి రెండు మాటలు చాలు. ఆ ఎత్తులో మామూలు క్యాబిన్ తలుపును లోపలి గాలి దాదాపు ఎనిమిది టన్నుల బలంతో చట్రానికి అదిమి పెట్టి ఉంచుతుంది. నేలకు దగ్గరపడ్డాక ఆ బలం ఉండదు కాబట్టే 2023 మే నెలలో ఏసియానా విమానంలో ఒక ప్రయాణికుడు దిగబోయే ముందు తలుపు తీయగలిగాడు.

అపోహ: మాస్కు సంచి ఉబ్బకపోతే ఆక్సిజన్ రావడం లేదన్నట్టే

సంచి ఉబ్బినా ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది. క్యాబిన్ ఎత్తు 14,000 అడుగుల ప్రాంతానికి చేరగానే మాస్కులు వాటంతటవే పడతాయి. చాలా విమానాల్లో సీటు పైన సిలిండరేమీ ఉండదు, ఒక రసాయన డబ్బా ఉంటుంది. మాస్కును గట్టిగా మీ వైపు లాగితే ఒక పిన్ను ఊడి ఆ రసాయనం మండటం మొదలుపెడుతుంది, దాన్నుంచి ఆక్సిజన్ పుడుతుంది. డబ్బా బాగా వేడెక్కి కమురు వాసన రావడం మామూలే. లాగకుండా మాస్కును మూతికి అడ్డం పెట్టుకుంటే మాత్రం ఏమీ రాదు.

ఆ డబ్బా చాలా రకాల్లో 12 నిమిషాల పాటు పనిచేస్తుంది. ఇంత తక్కువా అని అడుగుతారు. పైలట్లు వెంటనే విమానాన్ని 10,000 అడుగులకు దించేస్తారు, దానికి నాలుగైదు నిమిషాలు చాలు. విమానం కూలిపోతోందని ప్రయాణికులు అనుకునే ఆ దిగుడు వాళ్లు కావాలని చేసేదే. అంటే 12 నిమిషాల లెక్కంతా ఒక నమ్మకం మీద నడుస్తుంది: ముందు కూర్చున్న ఇద్దరికీ ఏం జరుగుతోందో తెలిసి ఉండాలి.

అపోహ: గాలి తగ్గితే ఊపిరాడక మనకే తెలిసిపోతుంది

ప్రాణాలు తీసేది ఈ అపోహే. ఊపిరాడని బాధ మనకు కలిగేది ఒంట్లో బొగ్గుపులుసు గాలి పేరుకున్నప్పుడు. పలచని గాలిలో అది మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది కాబట్టి ఆ బాధ ఉండదు. ఆక్సిజన్ ఒక్కటే తగ్గుతుంది, దాంతో ముందుగా దెబ్బతినేది ఆలోచన. శిక్షణలో పైలట్లను ఒత్తిడి తగ్గించిన గదిలో కూర్చోబెట్టి చిన్న చిన్న కూడికలు చేయిస్తారు. అక్షరాలు వంకర్లు పోతుంటాయి, లెక్కలు తప్పుతుంటాయి, మనిషి మాత్రం చిరునవ్వుతో అంతా బాగుందంటాడు. 35,000 అడుగుల దగ్గర తెలివితో పనిచేయగలిగే సమయం అర నిమిషం నుంచి నిమిషం. చప్పుడుతో ఒత్తిడి పోతే ఆ చప్పుడే హెచ్చరిక, చేయి మాస్కు మీదికి పోతుంది. మెల్లగా పోతే హెచ్చరించేది మీటర్లూ హారనే.

2005 ఆగస్టు 14న హీలియోస్ ఎయిర్‌వేస్ 522 విమానంలో జరిగింది అదే. ఆ బోయింగ్ 737-300 సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్ మీదుగా ప్రాగ్ వెళ్లాలి. అంతకుముందు ప్రయాణంలో వెనక తలుపు దగ్గర చప్పుడు వస్తోందని ఫిర్యాదు రావడంతో నేలమీద లీక్ టెస్టు చేశారు. అది నాకు బాగా తెలిసిన పని. నేలమీద ఆటోమేటిక్ పద్ధతిలో ఔట్‌ఫ్లో వాల్వు తెరిచే ఉంటుంది, అందుకే ప్రెషరైజేషన్ స్విచ్‌ను చేత్తో నడిపే `MAN`కు తిప్పి, వాల్వు మూసి, తోకలోని చిన్న ఇంజన్ గాలితో క్యాబిన్‌ను ఉబ్బిస్తాం. తర్వాత గాలి ఆపేసి ఒత్తిడి ఎంతసేపట్లో ఎంత పడిందో గడియారం పెట్టి చూస్తాం. పని అయ్యాక స్విచ్‌ను `AUTO`కు తిప్పాలి. ఆ రోజు అది `MAN`లోనే ఉండిపోయింది. బయల్దేరే ముందు చేసే తనిఖీల్లో పైలట్లు కూడా దాన్ని గమనించలేదు.

వాల్వు కొంత తెరిచి ఉండిపోయింది, దాన్ని కదిలించేవాళ్లు లేరు. విమానం పైకి వెళ్తున్నకొద్దీ క్యాబిన్ ఎత్తు కూడా పెరిగింది. 12,000 అడుగుల దగ్గర హారన్ మోగింది. ఆ విమానంలో అదే హారన్ నేలమీద ఉన్నప్పుడు టేకాఫ్‌కు ఏదో సరిగా అమర్చలేదని చెప్పడానికీ మోగుతుంది. పైలట్లు దాన్ని ఆ రెండోదే అనుకున్నారు. ఈలోగా పరికరాలను చల్లబరిచే వ్యవస్థ కూడా హెచ్చరించింది. గాలి పలచబడి చల్లదనం చాలకపోవడమే కారణం, కానీ కెప్టెన్ దృష్టి ఆ హెచ్చరిక మీదే నిలిచిపోయింది. 18,000 అడుగులు దాటాక క్యాబిన్‌లో మాస్కులు పడ్డాయి. కంపెనీ ఇంజనీరు రేడియోలో ప్రెషరైజేషన్ స్విచ్ `AUTO`లో ఉందా అని అడిగానని దర్యాప్తులో చెప్పాడు. కెప్టెన్ నుంచి వచ్చిన జవాబు మరో ప్రశ్న: చల్లబరిచే వ్యవస్థ సర్క్యూట్ బ్రేకర్లు ఎక్కడున్నాయి? 29,000 అడుగుల దగ్గర మాటలు ఆగిపోయాయి.

విమానం ఆటోపైలట్ మీద 34,000 అడుగులకు చేరి ఏథెన్స్ దగ్గర చక్కర్లు కొట్టింది. దిగడం మొదలుపెట్టేవాళ్లు లేరు, ప్రయాణికుల మాస్కుల్లో 12 నిమిషాల ఆక్సిజన్ ఎప్పుడో అయిపోయింది. పక్కకు వచ్చిన యుద్ధవిమానాల పైలట్లకు సీట్లో వాలిపోయిన కో-పైలట్ కనిపించాడు. చివర్లో విడి సిలిండర్ సాయంతో నిలబడిన ఒక క్యాబిన్ ఉద్యోగి కాక్‌పిట్‌లోకి చేరాడు, అప్పటికే ఇంధనం అయిపోతోంది. 121 మంది చనిపోయారు.

తర్వాత ఈ రకం విమానాల్లో రెండు హెచ్చరికలకూ విడివిడిగా దీపాలు పెట్టించారు. హారన్ అదే, ఏది మోగిందో దీపం చెబుతుంది.

లీకులను కనిపెట్టే పద్ధతులు మాకు వేరే ఉన్నాయి. విమానాల్లో సిగరెట్లు కాల్చనిచ్చిన రోజుల్లో పొగాకు మరక గోధుమరంగు చారలుగా బయటి రేకు మీద కనిపిస్తే అక్కడే లీకని పెద్దవాళ్లు చెప్పేవారు. ఇప్పుడు తలుపు రబ్బరు చుట్టూ పేరుకున్న మంచు, ఈల చప్పుడు, పైన ఎగిరేటప్పుడు మామూలు కన్నా ఎక్కువ మూసుకుపోయి ఉన్న ఔట్‌ఫ్లో వాల్వు చూస్తాం. వాల్వు మూసుకుంటూ పోతోందంటే గాలి ఇంకెక్కడినుంచో పోతోందని అర్థం.

ఇక మా దగ్గర లీక్ టెస్టు కాగితంలో చివరి గడి స్విచ్ గురించే. పని చేసినవాడు దాన్ని `AUTO`కు తిప్పి సంతకం పెడతాడు. పని చేయని ఇంకొకడు కాక్‌పిట్‌లోకి ఎక్కి, స్విచ్ మీద వేలు ఆనించి, పక్క గడిలో తన సంతకం పెడతాడు.