అమ్మానాన్నల్ని కూడా ఒకే ఫ్లోటర్‌లో పెడితే చవకేనా? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో హెల్త్ పాలసీలు చేయిస్తుంటాను. వారానికి ఒకరైనా వచ్చి "అన్నా, ఇంట్లో ఆరుగురం, అందరికీ కలిపి ఒకటే ఫ్లోటర్ వేసెయ్, చవగ్గా వస్తుందంట కదా" అంటారు. ఎవరు చెప్పారంటే వాట్సాప్‌లో వచ్చిందంటారు. ఫ్లోటర్ అంటే ఇంట్లో అందరూ ఒకే కవర్ మొత్తాన్ని పంచుకునే పాలసీ.

పోయిన నెల మిర్చి యార్డులో గుమాస్తాగా చేసే ఒకాయన వచ్చాడు. ఆయనకు 38, భార్యకు 34, పిల్లలకు 10, 7, నాన్నగారికి 66, అమ్మగారికి 61. నాన్నగారికి తొమ్మిదేళ్లుగా షుగర్. ఒకే కంపెనీలో 10 లక్షల కవర్‌కి కోట్‌లు తీసి చూపించాను (మీ ఊరు, మీ జబ్బులు, కంపెనీని బట్టి అంకెలు మారతాయి, ఇవే వస్తాయనుకోకండి).

ఆరుగురికీ కలిపి ఒకే ఫ్లోటర్: ఏడాదికి 88,600.

దంపతులు, పిల్లలకు ఒక ఫ్లోటర్ 22,400, అమ్మానాన్నలకు వేరే ఫ్లోటర్ 58,000. మొత్తం 80,400.

ఆయన మళ్లీ మళ్లీ కూడుకున్నాడు. రెండు పాలసీలు కలిపినా 8,200 తక్కువ, పైగా ఆరుగురూ ఒక 10 లక్షలు పంచుకునే బదులు ఇటు 10, అటు 10. ఎందుకిలా అంటే చాలా ఫ్లోటర్లలో ప్రీమియం లెక్క కట్టేది ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల వయసును బట్టి. నాన్నగారి 66 వచ్చి ఏడేళ్ల పాప రేటును కూడా పైకి లాగేస్తుంది. కొన్ని కంపెనీలు ఒక్కొక్కరి వయసుకి విడిగా లెక్కకట్టి డిస్కౌంట్ ఇస్తాయి, అక్కడ తేడా తగ్గుతుంది. అందుకే నోటి లెక్కలు వద్దు, రెండు రకాల కోట్‌లూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

ఈ తప్పు నేనూ చేశాను, అప్పట్లో నాకు అనుభవం తక్కువ. మా నాన్నగారిని నా ఫ్లోటర్‌లోనే పెట్టాను. ఆయన ఒక వయసు స్లాబు దాటి పై స్లాబులోకి వెళ్లిన ఏడాది రెన్యువల్ నోటీసు చూసి అచ్చు తప్పేమో అనుకున్నాను. ఇంట్లో మిగతావాళ్లెవరికీ ఒంట్లో నలతగా కూడా లేదు, అయినా ప్రీమియం మొత్తం పెరిగింది. ఆ మరుసటేడు ఆయనకి స్టెంట్ వేశారు, క్లెయిమ్ వచ్చింది, మా అందరికీ కలిపి ఉన్న నో క్లెయిమ్ బోనస్ తగ్గిపోయింది. కవర్‌లో మిగిలిన డబ్బు చూసుకుంటూ, ఈ ఆర్నెల్లూ పిల్లలకేమీ రాకూడదని నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదనే ఇంతగా చెబుతున్నాను. వాడేసిన కవర్‌ని మళ్లీ నింపే రీస్టోర్ ఉంది కదా అంటారా? ఉంటుంది, కానీ కొన్ని పాలసీల్లో కవర్ పూర్తిగా అయిపోతేనే నిండుతుంది, కొన్నిట్లో అదే మనిషికి అదే జబ్బుకి పనికిరాదు. ఆ పేరా చదివాకే సంతకం పెట్టండి.

అలాగని అందరికీ విడివిడిగా తీసుకోవడమూ తెలివి కాదు. ఆ గుమాస్తా దంపతులు, పిల్లలు నలుగురికీ ఒక్కొక్కరికి 10 లక్షల చొప్పున చూస్తే 33,700 అయింది, ఫ్లోటర్ కన్నా 11,300 ఎక్కువ. చిన్న వయసు, జబ్బుల్లేవు, ఒకే ఏడాది ఇద్దరు ముగ్గురికి పెద్ద ఖర్చు రావడం అరుదు. వాళ్లకి ఫ్లోటరే నయం.

అమ్మానాన్నల దగ్గరే ఆలోచించాలి. విడిగా అయితే ఆయనకి 41,000, ఆవిడకి 34,000, అంటే 75,000. ఫ్లోటర్ కన్నా 17,000 ఎక్కువ, కానీ ఆయన షుగర్ తాలూకు ఖర్చు ఆవిడ కవర్‌ని తినదు. స్తోమతుంటే నా ఓటు విడిగానే. గుమాస్తా ఫ్లోటర్ చాలన్నాడు, ఆ జీతానికి అదీ సబబే.

ఇక మిగతావి. ఫ్యామిలీ పాలసీకి ఇంకా 18% జీఎస్టీ కట్టాలన్నది పాత మాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి సున్నా. షుగర్ ఉంటే పాలసీయే ఇవ్వరన్నదీ తప్పే. ఎక్కువ ప్రీమియం అడగొచ్చు, ముందునుంచి ఉన్న జబ్బుకి క్లెయిమ్ రాకుండా ఆగాల్సిన వెయిటింగ్ గరిష్ఠంగా మూడేళ్లు. దాచిపెడితేనే ప్రమాదం. ఇప్పటికే అందరూ ఒకే ఫ్లోటర్‌లో ఉంటే కంగారుపడి ఆపేయకండి, గడిచిన వెయిటింగ్ అంతా పోతుంది. రెన్యువల్‌కి కనీసం 45 రోజుల ముందే విడదీయమనో, వేరే కంపెనీకి పోర్ట్ చేయమనో అడగండి. కొత్త కంపెనీ వద్దనే హక్కు దానికి ఉంది కాబట్టి, ఒప్పుకున్నాకే పాతది వదలండి.

ఆ గుమాస్తా ప్రపోజల్ ఇంకా నా బల్ల మీదే ఉంది. ఆధార్‌లో నాన్నగారి పుట్టినరోజు జనవరి 1 అని చూసి, పదో తరగతి సర్టిఫికెట్ ఏమైనా ఉందా అని అడిగాను. పెట్టె అడుగునుంచి తీసి తెచ్చాడు, దాని ప్రకారం ఆయనకి 64 ఏళ్లే. ఆ వయసుతో కొడితే అమ్మానాన్నల ఫ్లోటర్ 58,000 కాదు, 51,500. ఆధార్ ఒకటి, ప్రపోజల్ ఒకటి ఉంటే రేపు క్లెయిమ్‌లో పట్టుకుంటారని చెప్పి ముందు ఆధార్ సెంటర్‌కి పంపాను.