అపోహలు - వాస్తవాలు: మందుల పేర్లన్నీ కరెక్టే, మరి 5కి 2 మార్కులేంటి మేడమ్?

సెకండ్ ఎంబీబీఎస్ ఇంటర్నల్స్ పేపర్లు ఇచ్చిన రోజు మా డిపార్ట్‌మెంట్ బయట ప్రతిసారీ వినపడే మాట ఇది. ఫార్మకాలజీ పేపర్లు దిద్దడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది, ఈ గొడవ మాత్రం మారలేదు, అందుకే ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని నేనెలా దిద్దుతానో చెప్తాను.

ప్రశ్న: పురుగుల మందు తాగిన పేషెంట్‌కి, అంటే ఓపీ పాయిజనింగ్‌కి, మందులతో చికిత్స ఎలా చేస్తారో కారణాలతో రాయండి. 5 మార్కులు. మన జిల్లా ఆసుపత్రుల్లో క్యాజువాలిటీ డ్యూటీ చేసినవాళ్లెవరికైనా ఇది పుస్తకంలో కేసు కాదు, రాత్రి డ్యూటీలో ఎదురయ్యే కేసు.

ఒక పేపర్లో వచ్చిన జవాబు ఇది: అట్రోపిన్ మస్కరినిక్ రిసెప్టర్లని బ్లాక్ చేస్తుంది, ప్రాలిడాక్సిమ్ ఎంజైమ్‌ని మళ్లీ పనిచేసేలా చేస్తుంది, ఫిట్స్ వస్తే డయాజెపామ్, ఎయిర్‌వే చూసుకోవాలి, ఆక్సిజన్ పెట్టాలి. అంతే. ఒక్క తప్పు లేదు, చేతిరాత కూడా ముత్యాల్లా ఉంది. 2 మార్కులు వేశాను.

అపోహ: పేర్లు కరెక్టయితే మార్కులన్నీ రావాలి.

వాస్తవం: ఈ ప్రశ్నకి నేను పేపర్లు తెరవకముందే ఒక కాగితం మీద రాసుకున్న లెక్క ఇది. మందులూ అవి పనిచేసే తీరూ 2, డోసు ఎంత, ఎందుకంత, ఎప్పుడు ఆపాలి అన్నదానికి 2, ఎక్కడ ఇవ్వకూడదు, ఎక్కడ జాగ్రత్త అన్నదానికి 1. పైన జవాబు మొదటి భాగానికి పూర్తిగా సరిపోయింది కాబట్టి అందులో ఏమీ కోయలేదు. మిగతా 3 మార్కులు నేను తీసేసినవి కావు, దిద్దడానికి అక్కడ ఏమీ లేదు. ప్రశ్నలో "కారణాలతో" అని ఉందని మర్చిపోకండి.

అపోహ: డోసంటే అంకె, తప్పు రాస్తే ఉన్న మార్కు కూడా పోతుంది, రాయకపోవడమే సేఫ్.

వాస్తవం: దీని దగ్గర కాస్త ఆగుతాను, అసలు సబ్జెక్టంతా ఇక్కడే ఉంది. ఒకరు "అట్రోపిన్ 0.6 ఎంజీ ఐవీ" అని రాశారు, అంటే ఒక్క ఆంప్యూల్. అంకె ఉంది కదా అని మార్కు వేయను, ఎందుకంటే ఆ అంకె ఈ జబ్బుది కాదు. ఇక్కడ ఎంజైమ్ ఆగిపోయి ఎసిటైల్‌కోలిన్ కుప్పలుగా పేరుకుపోయి ఉంటుంది, అట్రోపిన్ దాంతో రిసెప్టర్ దగ్గర సీటు కోసం పోటీ పడాలి, అవతల జనం ఎంత ఎక్కువుంటే మనమూ అంత ఎక్కువ పంపాలి, ఎంత పేరుకుందో లోపలికెళ్లి కొలవలేం కాబట్టి ఫిక్స్‌డ్ డోసు అనే మాటే ఇక్కడ కుదరదు. అందుకే పెద్దవాళ్లకి 1.8 నుంచి 3 ఎంజీతో మొదలుపెట్టి 5 నిమిషాలకోసారి చూస్తూ, చాలకపోతే రెట్టింపు చేసుకుంటూ పోతాం.

లెక్కేసి చూడండి. మొదట 1.8 ఎంజీ ఇచ్చారు, 5 నిమిషాలకి ఛాతీలో ఇంకా గురగురే, 3.6 ఇచ్చారు, ఇంకో 5 నిమిషాలకీ తగ్గలేదు, 7.2 ఇచ్చారు, అప్పుడు ఛాతీ క్లియర్ అయింది. మొత్తం 12.6 ఎంజీ, అంటే 0.6 ఎంజీ ఆంప్యూల్స్ 21, అదీ 10 నిమిషాల్లో. ఒక్క ఆంప్యూల్ రాసిన జవాబుకీ దీనికీ ఎంత దూరం ఉందో చూశారా! తర్వాత ఆ మొత్తంలో 10 నుంచి 20 శాతం గంటకి ఇన్‌ఫ్యూజన్‌గా, అంటే ఇక్కడ సుమారు 1.3 నుంచి 2.5 ఎంజీ.

ఎప్పుడు ఆపాలన్నదే అసలు కీలకం. ఊపిరితిత్తుల్లో నీటి చప్పుడూ పిల్లికూతలూ పోవాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంక పొడిగా ఉండాలి, కంటిపాప సూదిమొనలా ఉండకూడదు. కొందరు "కంటిపాప పూర్తిగా విచ్చుకునేదాకా ఇవ్వాలి" అని రాస్తారు, దానికి మార్కు వేయను, అలా ఇస్తూ పోతే పేషెంట్‌కి ఒళ్లు కాలిపోయి, పేగుల చప్పుడు ఆగిపోయి, మతి తప్పి మాట్లాడతాడు, అది మనం పెట్టిన విషం.

"డోసు ఫిక్స్‌డ్ కాదు, సెక్రీషన్లు ఆరేదాకా 5 నిమిషాలకోసారి రెట్టింపు చేయాలి, ఎందుకంటే ఇది పోటీ బ్లాకింగ్" అని రాసి మొదటి డోసు 1.8 బదులు 2 అని రాసినా నా దగ్గర పూర్తి మార్కులే. 50 కిలోల మనిషికి ప్రాలిడాక్సిమ్ కిలోకి 30 ఎంజీ చొప్పున 1500 అని రావాల్సింది గుణకారంలో తప్పుపోయినా పద్ధతికి మార్కు వేస్తాను. అయితే దాన్ని త్వరగా ఎందుకు మొదలుపెట్టాలో రాయాలి, ఆలస్యమైతే విషం ఎంజైమ్‌కి విడదీయలేనంత గట్టిగా అతుక్కుపోతుంది, ఏజింగ్ అంటాం, డైమిథైల్ రకాల్లో అది కొన్ని గంటల్లోనే అయిపోతుంది. ప్రాలిడాక్సిమ్‌తో నిజంగా ఎంత మేలన్నదాని మీద ట్రయల్స్ ఒకే మాట చెప్పలేదు, 2006లో బారామతి నుంచి వచ్చినది మంచిదంది, 2009లో శ్రీలంకది తేడా లేదంది. ఇది రాసినవాళ్లు అరుదు, రాస్తే నాకు ఆ పూటకి టీ తాగినంత హుషారు.

అపోహ: కాంట్రాఇండికేషన్స్ అంటే చివర్లో ఓ లైను, గ్లాకోమా, ప్రోస్టేట్, అయిపోయింది.

వాస్తవం: అట్రోపిన్ చాప్టర్లో ఆ లైను కరెక్టే. కానీ ఊపిరాడక చనిపోతున్న మనిషికి గ్లాకోమా ఉందని అట్రోపిన్ ఆపేస్తారా? ఆపరు. "ఉన్నా ఇవ్వాలి, కళ్లూ మూత్రం చూసుకుంటూ ఉండాలి" అని రాస్తే మార్కు, వట్టి లిస్టుకి సున్నా. నాడి 110 ఉందని అట్రోపిన్ ఆపడం కూడా తప్పే, ఆ వేగం నికోటినిక్ వల్లో ఆక్సిజన్ చాలకో వచ్చుండొచ్చు.

ఈ పేషెంట్‌కి నిజంగా ప్రమాదం చేసేవి వేరే. ట్యూబ్ వేయడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని కూడా విషం ఆపేసి ఉంటుంది కాబట్టి నిమిషాల్లో పోవాల్సిన పక్షవాతం గంటలు ఉంటుంది. ప్రాలిడాక్సిమ్‌ని ఒక్కసారిగా తోస్తే గొంతు బిగుసుకుపోవచ్చు, గుండె ఆగొచ్చు, అందుకే 20-30 నిమిషాల్లో మెల్లగా. తాగింది ఓపీ కాదు కార్బరిల్ అనే కార్బమేట్ అని తేలితే ప్రాలిడాక్సిమ్ వద్దని పుస్తకాలు చెప్తాయి. వీటిలో రెండు, కారణంతో రాసినా 1 మార్కు పూర్తిగా వేస్తాను.

అపోహ (ఇది దిద్దేవాళ్లది): పేర్లు ఇంత బాగా రాసినవాడికి మిగతాది తెలిసే ఉంటుందిలే.

వాస్తవం: నేనూ మొదట్లో అలాగే 3న్నర వేసేదాన్ని. ఒకసారి అలా వేసినమ్మాయి వైవాకి వస్తే అడిగాను, 0.6 ఇచ్చావ్, ఛాతీలో గురగుర తగ్గలేదు, ఏం చేస్తావ్ అని. "ప్రాలిడాక్సిమ్ ఇస్తాను మేడమ్" అంది. ఇంకా తగ్గలేదంటే? "డయాజెపామ్ మేడమ్." పేపర్లో రాసిన వరుసే అప్పజెప్తోంది, అట్రోపిన్‌నే మళ్లీ ఇవ్వొచ్చని ఆ అమ్మాయికి తట్టలేదు. ఆ సాయంత్రం కట్ట మళ్లీ విప్పి, అలాంటి పేపర్లన్నీ తీసి 2కి దించాను.