మేఘాద్రి గెడ్డ ఒడ్డున మిగిలిన మడ

విశాఖ ఎయిర్‌పోర్టు పక్కనుంచి పోర్టు వైపు సాగే మేఘాద్రి గెడ్డ ఒడ్డున, పాటు సమయంలో కాసేపు నిలబడి చూడండి. సముద్రం నీళ్లు వెనక్కి తీసుకున్నాక నల్లటి బురద బయటపడుతుంది. ఆ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేల కొద్దీ పుల్లలు పైకి లేచి ఉంటాయి. అవి విరిగిన కొమ్మలు కావు, పక్కనున్న మడ చెట్ల వేళ్లే. బురద లోపల గాలి ఉండదు కాబట్టి వేరు పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంది. దాని మీదున్న సన్నటి రంధ్రాల గుండా గాలి లోపలికి వెళ్లి, కింద ఉన్న వేళ్లకు అందుతుంది. తెల్ల మడ ఆకును నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉంటుంది. ఉప్పునీటిలో చాలా భాగం ఉప్పును వేళ్ల దగ్గరే ఆపేసి, తప్పించుకుని లోపలికి వచ్చిన కాస్తంత ఉప్పును ఆకుల మీదుగా బయటికి పంపేస్తుంది ఈ చెట్టు.

ఇప్పుడు పోర్టు ఇన్నర్ హార్బర్ ఉన్న చోటు ఒకప్పుడు ఇలాంటి ఉప్పుటేటి చిత్తడి నేలే. దాన్ని తవ్వి, లోతు చేసి, 1933లో పెద్ద ఓడలకు తెరిచారు. తవ్విన మట్టితో చుట్టుపక్కల పల్లపు నేలను మెరక చేశారు. విశాఖ ఇంత పెద్ద నగరం కావడం ఆ పోర్టు వల్లే, దాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆ తర్వాత మిగిలిన సన్నటి పట్టీలు ఏం పని చేస్తాయో, ఏం చేయలేవో తెలుసుకోవాలన్నదే నా తాపత్రయం.

ముందు చేయలేనిది చెబుతాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక, "బీచ్ పొడవునా మడ చెట్లు నాటి ఉంటే ఊరు బతికేది" అని చాలామంది అన్నారు. అది నిజం కాదు. ఆర్కే బీచ్‌లో మడ మొలక నిలవదు. రోజూ విరుచుకుపడే కెరటాలు దాన్ని వేరు పట్టనివ్వవు. కొండ చాటునో, ఇసుక దిబ్బ వెనకనో, ఏటి లోపలో నీరు నెమ్మదించిన చోటే అది పెరుగుతుంది. పైగా హుద్‌హుద్ మన ఊళ్లో చేసిన నష్టంలో పెద్ద వాటా గాలిదే. గెడ్డ ఒడ్డున ఉన్న చెట్లు బీచ్ రోడ్డు మీది మేడల కిటికీలను గాలి నుంచి కాపాడలేవు.

మడ ఆపేది నీటిని. అందులోనూ కెరటం వేరు, ఉప్పెన వేరు. కెరటం కొద్ది క్షణాల్లో వచ్చి విరిగిపోతుంది. వేళ్లకూ మొదళ్లకూ రాసుకుంటూ పోతుంటే దాని బలం త్వరగా తగ్గుతుంది. 100 మీటర్ల మందం ఉన్న మడ అడవి దాటేసరికి కెరటం ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుందని వేర్వేరు దేశాల్లో తీసిన కొలతలు చెబుతున్నాయి. చెట్లు ఎంత దట్టంగా ఉన్నాయి, నీరు ఎంత లోతుంది అన్నదాన్ని బట్టి ఈ తేడా వస్తుంది. ఉప్పెన అలా కాదు. అది గంటల తరబడి సముద్రమంతా పొంగి లోపలికి నడిచి రావడం. దాన్ని తగ్గించాలంటే మీటర్లు చాలవు, కిలోమీటర్లు కావాలి. ఒక కిలోమీటరు మడకు ఉప్పెన ఎత్తు తగ్గేది 5 నుంచి 50 సెంటీమీటర్లే. సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ పల్లపు తీరంలో అర మీటరు తేడా అంటే, నీళ్లు గుమ్మం దగ్గర ఆగడానికీ మంచం మునగడానికీ మధ్య ఉన్న తేడా.

దీనికి గట్టి ఆధారం మన పొరుగునే, ఒడిశాలోని కేంద్రపడా జిల్లాలో ఉంది. 1999 అక్టోబర్ 29న వచ్చిన సూపర్ సైక్లోన్ ఆ రాష్ట్రంలో సుమారు 10 వేల మందిని బలి తీసుకుంది. తర్వాత సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు కేంద్రపడాలోని 409 ఊళ్ల లెక్కలు తీశారు. 1944లో ఆ ఊళ్లకీ తీరానికీ మధ్య సగటున 5 కిలోమీటర్ల మందం మడ ఉండేది. వరి పొలాల కోసం ఎక్కువ భాగం కొట్టేయడంతో 1999 నాటికి అది కిలోమీటరు పైచిలుకుకి తగ్గింది. ఊరు సముద్రానికి ఎంత దూరం, ఎంత ఎత్తులో ఉంది, జనం స్థితిగతులు ఏమిటి, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, ముందు మడ ఎక్కువ మిగిలిన ఊళ్లలో చావులు తక్కువ. ఆ మిగిలిన కాస్త అడవి కూడా లేకపోతే ఊరికి సగటున 1.72 మంది అదనంగా చనిపోయేవారని వాళ్లు తేల్చారు. అంటే ప్రతి 4 ఊళ్లకి దాదాపు 7 ప్రాణాలు. అదే పరిశోధన ఇంకో మాట కూడా చెప్పింది: ప్రభుత్వం ముందుగా ఇచ్చిన తుపాను హెచ్చరిక అడవి కంటే ఎక్కువ మందిని కాపాడింది. మడ ఉంది కదా అని హెచ్చరిక విని కూడా ఇల్లు వదలకపోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

అదే తుపాను తర్వాత, అదే జిల్లాలోని భితర్కనిక దగ్గర మూడు ఊళ్లను ఇంకో ఇద్దరు పరిశోధకులు పోల్చి చూశారు. ఒక ఊరికి మడ అండ ఉంది. ఒక ఊరికి ఏదీ లేదు. మూడో ఊరికి మడ లేదు కానీ కరకట్ట ఉంది. మడ ఉన్న ఊళ్లో ఇంటికి సుమారు 33 డాలర్ల నష్టం జరిగింది. ఏ అండా లేని ఊళ్లో 44. కరకట్ట ఉన్న ఊళ్లో 154! అన్నిటికంటే ఎక్కువ. కారణం వింటే మనసు చివుక్కుమంటుంది. ఉప్పెనకు కట్ట తెగింది, ఉప్పునీరు లోపలికి దూకింది, తర్వాత బయటికి పోవడానికి ఆ కట్టే అడ్డమైంది. కాపాడాల్సిన గట్టే నీటిని పొలాల్లో కట్టేసింది. మడ నీటిని పూర్తిగా ఆపదు, నెమ్మదిగా రానిస్తుంది, నెమ్మదిగా పోనిస్తుంది. దాని గొప్పతనం అక్కడే ఉంది.

మరి గెడ్డ ఒడ్డున మిగిలిన పట్టీలు కిలోమీటర్ల మందం లేవు కదా, ఉప్పెనకు అడ్డుగా అవి ఎందుకూ పనికిరావా? ఆ పనికి పెద్దగా ఆనవు, నిజమే. కానీ అక్కడే విసురు వల ఆరబెట్టుకుంటున్న ఒక పెద్దాయన నాతో అన్న మాట మరచిపోలేను. "తాతా, ఈ కాస్త చెట్ల దగ్గర ఏం దొరుకుతుంది?" అని అడిగితే, "సెట్టు ఉన్న కాడే రొయ్య ఉంటాది బాబూ. సెట్టు తీసేస్తే ఏటుంటాది, బురద" అన్నాడు.

టైగర్ రొయ్య బతుకు చూస్తే ఆ మాట అర్థమవుతుంది. తల్లి రొయ్య సముద్రంలో లక్షల గుడ్లు పెడుతుంది. ఒక రోజు తిరగకముందే పిల్లలు బయటికి వస్తాయి. సుమారు రెండు మూడు వారాలు నీటి మీద తేలుతూ, రూపాలు మార్చుకుంటూ ఎదుగుతాయి. దాదాపు సెంటీమీటరు పొడవు వచ్చేసరికి తీరం వైపు ప్రయాణం మొదలవుతుంది. ఈదే బలం లేని ఆ పిల్ల చేసే పని చూడండి: పోటు వచ్చినప్పుడు నీటిలోకి లేచి దానితో పాటు లోపలికి వస్తుంది, పాటు మొదలవగానే అడుగుకు దిగి నేలను పట్టుకుంటుంది. అలా పోటు పోటుకీ కొంచెం కొంచెం ఏటిలోకి చేరుతుంది. ఏటి లోపల మడ వేళ్ల సందుల్లో పెద్ద చేపలు దూరలేవు. రాలిన ఆకులను పీతలు కొరికి బురదలోకి లాగుతాయి, సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెడతాయి. ఆ సూక్ష్మజీవులనూ, వాటిని తినే బుల్లి ప్రాణులనూ రొయ్య పిల్ల తింటుంది. కొన్ని నెలలు అలా పెరిగి, తిరిగి సముద్రానికి వెళ్లి, అప్పుడు మన ఫిషింగ్ హార్బర్ బోట్ల వలలో పడుతుంది. పండుగప్ప పిల్లలకూ, మండపీతలకూ ఇలాంటి ఏటి ఒడ్డులే ఇల్లు.

ఇక్కడ లెక్కకు వచ్చేది అడవి మందం కాదు, నీటి అంచు. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో చేసి, 2008లో వెలువరించిన ఒక పరిశోధన ప్రకారం, చేపల దిగుబడి ఏటి అంచున 5 నుంచి 10 మీటర్ల వెడల్పున ఉన్న మడ పట్టీ ఎంత పొడవుందో దాన్ని బట్టి మారింది. అంటే ఉప్పెనను ఆపడానికి చాలని సన్నటి పట్టీయే రొయ్యకు చాలా విలువైనది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన బోట్లు ఒడ్డునే ఆగుతాయి, గుడ్లు పెట్టే సమయంలో సముద్రంలో చేపకు ఊపిరి ఇవ్వాలని. మత్స్యకారులు ఆదాయం వదులుకుని చేసే త్యాగం అది. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు చేరాల్సిన ఏటి అంచును మనం పూడ్చేస్తే, ఆ త్యాగంలో సగం వృథా అవుతుంది.

కొట్టేస్తే మళ్లీ నాటుకోవచ్చు కదా అంటారు. అడవి పోయాక నేల మునుపటిలా ఉండదన్నదే అసలు చిక్కు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, తమిళనాడులోని పిచ్చావరంలో ఒకప్పుడు మడను పూర్తిగా నరికిన చోట్ల ఇది స్పష్టంగా కనిపించింది. నీడ పోయి ఎండ తగలడంతో బురద ఎండింది, కుంగింది, తొట్టెలాగా మధ్యలో పల్లమైంది. పెద్ద పోటుకు వచ్చిన నీరు ఆ పల్లంలో నిలిచిపోయి ఆవిరైంది, ఉప్పు మిగిలింది. అలా ఏళ్ల తరబడి జరిగితే మడ మొలక కూడా తట్టుకోలేనంత ఉప్పు పేరుకుంటుంది. ఎన్ని మొక్కలు నాటినా చచ్చిపోతాయి.

రొయ్యల చెరువు తవ్వితే ఇంకో ఉపద్రవం. మడ బురదలో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఉంటుంది. గాలి తగలనంత కాలం దానివల్ల ప్రమాదం లేదు. తవ్వి గట్టు మీద పోస్తే గాలి తగిలి గంధకామ్లంగా మారుతుంది. గట్టు మట్టి మీద పసుపు, తుప్పు రంగు మరకలు కనిపిస్తే, తొలి వానకు గట్టు కడిగిన నీరు చెరువులోకి దిగగానే రొయ్యలు తేలిపోతే, కారణం అదే కావచ్చు. సున్నం చల్లుతారు, కొన్నాళ్లు సర్దుకుంటుంది, మళ్లీ వస్తుంది.

ఎండి పల్లమైన నేలను బాగు చేసే పద్ధతి ఒకటి ఉంది. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు అటవీ శాఖతో, ఊరి కమిటీలతో కలిసి గోదావరి, కృష్ణా తీరాల్లో చేసి చూపించారు. ముందు మొక్క నాటరు, కాలువ తవ్వుతారు. ఏటి నుంచి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు, పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. రోజూ పోటు లోపలికి వచ్చి, పాటుతో వెళ్లిపోతుంటే పేరుకున్న ఉప్పు కడుక్కుపోతుంది. ఆ తర్వాతే మొక్క. చాలా చోట్ల గింజలు నీటితో పాటే కొట్టుకొచ్చి వాటంతటవే మొలుస్తాయి.

అందుకే గెడ్డ పక్కన కొత్త రోడ్డు వేసినప్పుడల్లా నా చూపు మొక్కల మీదికి కాదు, కల్వర్టు కిందికి వెళ్తుంది. పోటు వచ్చిన గంటకి రోడ్డు రెండు వైపులా నీటి మట్టం ఒకేలా లేచిందా, ఒక వైపు వెనకబడిందా? వెనకబడితే తూము ఇరుకుగా ఉందనో, ఎత్తులో పెట్టారనో, చెత్తతో మూసుకుపోయిందనో అర్థం. వానాకాలం చివర్లో మడ గింజలు రాలి, చిక్కుడు గింజల్లా నీటి మీద తేలుతూ వస్తాయి. మొన్న ఒక తూము దగ్గర అవి గుంపుగా ఆగి ఉన్నాయి. అడ్డుపడిన ప్లాస్టిక్ సంచులను కర్రతో లాగితే, పోటు ఆ గింజలను అవతలికి తీసుకుపోయింది.