వెండర్ రివ్యూ మినిట్స్: అపోహలు - వాస్తవాలు

నెలనెలా జరిగే వెండర్ రివ్యూలకు మినిట్స్ రాయడం నా పనిలో భాగం. ఎక్కడ చూసినా అవే అపోహలు కనిపిస్తున్నాయి, వాటి వల్ల డబ్బూ పోతోంది, సర్వీసూ బాగుపడటం లేదు. ఉద్యోగుల్ని ఇంటి నుంచి ఆఫీసుకు చేరవేసే క్యాబ్ వెండర్‌ను ఉదాహరణగా తీసుకుని, లెక్క తేలికగా అర్థమయ్యే అంకెలతో చెప్తాను.

అపోహ: "పెనాల్టీ గురించి చర్చించడమైనది" అని రాస్తే చాలు.

చాలదు. రెండు నెలల తర్వాత అకౌంట్స్ వాళ్లు బిల్లు ముందు పెట్టుకుని "కోత పెట్టాలా, వద్దా?" అని అడిగితే ఆ వాక్యంలో జవాబు దొరకదు. మనం పెనాల్టీ అడిగామా, వెండర్ ఒప్పుకున్నాడా, ఇంకా వాదనలో ఉందా, మాఫీ చేశామా, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి స్పష్టంగా రాయాలి.

నెలలో 1,200 ట్రిప్పులు, 84 లేటు అనుకుందాం. అంటే 93 శాతం టైముకి వచ్చాయి. ఒప్పందంలో 95 శాతం ఉండాలి, తగ్గితే నెల బిల్లులో 2 శాతం కోత. బిల్లు 9 లక్షలైతే కోత 18,000 రూపాయలు. మీటింగ్‌లో వెండర్ మేనేజర్ "సార్, వాటిలో 30 వానకు రోడ్లు మునిగి లేటయినవి, మా తప్పు కాదు" అంటాడు. అలాంటి ట్రిప్పుల్ని లెక్కలోంచే తీసేయాలని ఒప్పందంలో ఉందనుకుంటే, 1,170లో 54 లేటు, 95.4 శాతం, పెనాల్టీయే లేదు! కానీ జీపీఎస్ రికార్డు 18 ట్రిప్పులకే తెచ్చాడు. అప్పుడు 1,182లో 66 లేటు, 94.4 శాతం, కోత పడుతుంది. ఇంకో 8 ట్రిప్పులకు రుజువు తెచ్చినా మళ్లీ 95 దాటేస్తాడు. అందుకే నేనైతే ఇలా రాస్తాను:

"లేటు ట్రిప్పులు 84. వెండర్ మినహాయింపు కోరినవి 30, జీపీఎస్ రికార్డు చూసి అంగీకరించినవి 18. మిగతా 12కి రుజువులు 10వ తేదీ లోపు ఇవ్వాలి. ఆలోగా రాకపోతే 94.4 శాతం ఖరారు, ఈ నెల బిల్లులో 18,000 రూపాయల కోతకు వెండర్ ప్రతినిధి అంగీకరించారు."

గడువు రాయకపోతే ఆ 12 ట్రిప్పుల పంచాయితీ ప్రతి నెలా మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: వెండర్ సంతకం పెట్టాడు కాబట్టి మీటింగ్‌లో అనుకున్న కొత్త పెనాల్టీ రేటు అమల్లోకి వచ్చినట్టే.

చాలా ఒప్పందాల్లో మార్పులకు ఇరువైపులా అధికారం ఉన్నవాళ్లు విడిగా రాతపూర్వకంగా సంతకాలు చేయాలన్న క్లాజు ఉంటుంది. రివ్యూకి వచ్చే సైట్ మేనేజర్‌కి ఆ అధికారం ఉండకపోవచ్చు. కాబట్టి "రేటు మార్పు ప్రతిపాదన, ఒప్పంద సవరణకు పంపాలి" అని రాయండి. ఇంకో మాట, 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టుకెళ్తే దానికి మించకుండా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. మాఫీ చేసినప్పుడు కూడా "ఈ ఒక్క నెలకే" అని, కారణంతో సహా రాయాలి, లేకపోతే వచ్చే నెల అదే మాట మనకే చూపిస్తారు.

అపోహ: "డ్రైవర్లకు శిక్షణ ఇస్తామన్నారు" అంటే దిద్దుబాటు చర్య రాసినట్టే.

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. అసలు లేటు ఎందుకవుతోందో ఆ వాక్యంలో లేదు. ట్రిప్ షీట్లు తీసి చూస్తే చాలాసార్లు డ్రైవర్ తప్పుండదు, రాత్రి డ్రాప్ ఒంటి గంటకి ముగించిన డ్రైవర్‌కే పొద్దున అయిదింటి పికప్ వేసి ఉంటారు. ఆ మనిషికి ఎంత శిక్షణ ఇస్తే ఏం లాభం, పైగా ఆ బండిలో కూర్చునేది మనవాళ్లే. అప్పుడు రాయాల్సింది: "కారణం, ఒకే డ్రైవర్‌కి వరుస డ్యూటీలు. చర్య, పొద్దుటి పికప్‌లకు వేరే డ్రైవర్లు. బాధ్యత, వెండర్ ఆపరేషన్స్ మేనేజర్. గడువు, 15వ తేదీ. రుజువు, మార్చిన డ్యూటీ చార్టు." పేరు, తేదీ, రుజువు లేనిది చర్య కాదు, హామీ.

చార్టు చేతికి రాగానే ఫిర్యాదు మూసేయొద్దు. చర్య పూర్తయింది అని ఒక గడిలో, ఫిర్యాదు తీరింది అని ఇంకో గడిలో రాసుకోండి. ఆ రూట్లో వరుసగా రెండు నెలలు లేట్లు తగ్గితేనే రెండో గడి నింపాలి. ఫిర్యాదు నంబరు మొదటి నెలలో ఏది ఇచ్చారో చివరిదాకా అదే ఉంచండి. కొత్త నంబరు ఇస్తే పాత సమస్య కొత్తదిలా కనిపిస్తుంది, ఎన్నో నెల నుంచి నలుగుతోందో ఎవరికీ తెలియదు.

అపోహ: మినిట్స్ తీరిగ్గా, వచ్చే మీటింగ్ ముందు పంపినా పర్లేదు.

అప్పటికి ఎవరి జ్ఞాపకం వారిది. రెండు పనిదినాల్లో పంపి, అభ్యంతరాలకు మూడు రోజులు ఇవ్వండి. వెండర్ అభ్యంతరం పెడితే ఒరిజినల్ వాక్యాన్ని చెరపకుండా, దాని కిందే అభ్యంతరాన్ని తేదీతో చేర్చండి.