వైఫై 7, ఎంఎల్‌ఓ: రౌటర్ మార్చే ముందు ఈ అపోహలు వదిలేయండి

ఇళ్లకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పెట్టడమే నా పని. ఈ మధ్య ఫోన్ చేసిన ప్రతి ఇద్దరిలో ఒకరు ఇదే అడుగుతున్నారు: "వైఫై 7 రౌటర్లో ఎంఎల్‌ఓ ఉందట కదా, మార్చేయమంటారా?" ఎంఎల్‌ఓ అంటే మల్టీ లింక్ ఆపరేషన్, అంటే ఒకే పరికరం రౌటర్‌తో 5 గిగాహెర్ట్జ్‌లో ఒక లింకు, 6 గిగాహెర్ట్జ్‌లో ఇంకో లింకు ఒకేసారి పెట్టుకోవడం. పాత వైఫైలో ఫోన్ ఏదో ఒక బ్యాండ్‌కే కనెక్ట్ అవుతుంది, బ్యాండ్ మారాలంటే అక్కడ తెంచుకుని ఇక్కడ మళ్లీ కనెక్ట్ అవ్వాలి. వైఫై 7లో ఆ తెగడం ఉండదు. ఇది నిజంగా మంచి మార్పే. కానీ దాని చుట్టూ అల్లుకున్న మాటలు నమ్మి డబ్బు పోసేవాళ్లని చూస్తే బాధేస్తుంది, అందుకే రాస్తున్నా.

అపోహ: రెండు బ్యాండ్లు కలిస్తే స్పీడు రెట్టింపు అవుతుంది.

డబ్బా మీద BE19000 అని ఉంటుంది చూడండి, అది మూడు బ్యాండ్ల గరిష్ఠ స్పీడ్లను కూడి వేసిన అంకె. 2.4లో సుమారు 1,376, 5లో 5,764, 6లో 11,529 ఎంబీపీఎస్. అదీ నాలుగు యాంటెన్నాల పరికరం ఎదురుగా ఉంటేనే. మన ఫోన్లకి, ల్యాప్‌టాప్‌లకి ఉండేవి సాధారణంగా రెండే.

అసలు విషయం పరికరంలో ఎంఎల్‌ఓ ఏ రకంగా ఉందన్న దాంట్లో ఉంది. రెండు లింకుల్లో ఒకేసారి పంపడం, తీసుకోవడం చేయగలిగితే దాన్ని ఎస్‌టీఆర్ అంటారు. దీనికి పరికరంలో రెండు పూర్తి రేడియోలు కావాలి, పైగా ఒకటి పంపుతున్నప్పుడు ఆ సిగ్నల్ పక్క రేడియో చెవిలో అరిచినట్టు పడకూడదు. 2.4కీ 5కీ మధ్య దూరం చాలా ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ 5 బ్యాండ్ పై అంచు, 6 బ్యాండ్ కింది అంచు పక్కపక్కనే ఉంటాయి, వాటిని విడదీయడానికి మంచి ఫిల్టర్లు కావాలి, చిన్న ఫోన్లో అది కష్టం.

అందుకే చాలా పరికరాలు ఒక్క రేడియోతోనే నెట్టుకొస్తాయి. వాటికోసం వచ్చిందే ఈఎంఎల్‌ఎస్‌ఆర్. ఇందులో ఫోన్ ఒక యాంటెన్నాని ఒక బ్యాండ్ మీద, రెండోదాన్ని ఇంకో బ్యాండ్ మీద పెట్టి వింటూ ఉంటుంది. ఏ బ్యాండ్ ఖాళీ దొరికితే ఆ బ్యాండ్లో రౌటర్ ముందు ఒక చిన్న పిలుపు పంపుతుంది, అది వినగానే ఫోన్ రెండు యాంటెన్నాలనీ అటు తిప్పి డేటా మొత్తం అక్కడే తీసుకుంటుంది. అంటే ఏ క్షణంలోనైనా డేటా నడిచేది ఒక్క లింకులోనే, స్పీడు కూడా ఆ ఒక్క లింకు స్పీడే. మనకి వచ్చే లాభం వేరే చోట ఉంది: పక్కింటివాళ్ల వైఫై 5 గిగాహెర్ట్జ్‌ని ఆక్రమించుకున్నప్పుడు మన ప్యాకెట్ క్యూలో నిలబడకుండా 6లోంచి వెళ్లిపోతుంది. మధ్యమధ్యలో వచ్చే ఆ పెద్ద ఆలస్యాలు తగ్గుతాయి. వీడియో కాల్‌కి, గేమ్‌కి కావాల్సింది అదే.

అపోహ: కాల్‌లో మాట తెగుతోందంటే పాత రౌటరే కారణం, ఎంఎల్‌ఓతో పోతుంది.

ఒక కేసు చెప్తాను. "సార్, వైఫై 7 రౌటర్ పెట్టినా మీటింగ్‌లో మాట తెగుతూనే ఉందండీ" అని ఒకాయన పిలిచారు. వెళ్లి ముందు ఆయన విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టాను:

```
netsh wlan show interfaces
```

Radio type దగ్గర 802.11ax అని వచ్చింది. అది వైఫై 6. 802.11be అని ఉంటే గానీ వైఫై 7 కాదు. అంటే కొత్త రౌటర్లో ఎంఎల్‌ఓ ఉన్నా, ఆ ల్యాప్‌టాప్‌కి అది లేనట్టే. ఎంఎల్‌ఓ రెండు వైపులా ఉండాలి, పాత పరికరానికి రౌటర్ ఒక్కటే ఇవ్వగలిగేది కాదు.

తర్వాత రెండు విండోలు తెరిచి, ఒకదాంట్లో రౌటర్‌కి, ఇంకోదాంట్లో బయటి సర్వర్‌కి పింగ్ పెట్టాను, అంటే ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచాను:

```
ping -n 200 192.168.1.1
ping -n 200 8.8.8.8
```

రౌటర్ దాకా ఎప్పుడు చూసినా 3, 4 మిల్లీసెకన్లే, అతి ఎక్కువ 9. బయటికి మామూలుగా 18. కానీ ఆయన ఫోన్ ఫొటోలని క్లౌడ్‌కి ఎక్కించడం మొదలెట్టగానే బయటి పింగ్ 400 దాటింది, రౌటర్ పింగ్ మాత్రం కదల్లేదు. గాలిలో తప్పేమీ లేదు. అప్‌లోడ్ లైను నిండిపోయి, ప్యాకెట్లన్నీ మోడెం దగ్గర క్యూ కట్టాయి. ఆ క్యూలోనే ఆయన గొంతు కూడా ఇరుక్కుంది. రౌటర్లో ఇలాంటి క్యూ పెరగకుండా చూసే ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్ ఆన్ చేసి, 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైనుకి 18 పరిమితి పెట్టాను. ఫొటోలు ఎక్కుతున్నా బయటి పింగ్ 30 లోపే ఆగింది.

దీనికి తిరగేసి కూడా జరుగుతుంది. రౌటర్ పింగే ఎక్కువసార్లు 4 వచ్చి, మధ్యలో 90, 120 ఎగురుతూ ఉంటే ఇబ్బంది గాలిలోనే ఉంది. అప్పుడు ముందు ఛానల్ మార్చి చూడండి. ఏ ఛానల్‌కి వెళ్లినా గుంపే ఉంటే, మీ పరికరాలు వైఫై 7వి అయితే, ఎంఎల్‌ఓ పనికొచ్చే చోటు సరిగ్గా ఇదే. ఒక్క షరతు, మీ దేశంలో 6 గిగాహెర్ట్జ్ వాడుకునే అనుమతి ఉండాలి. రౌటర్లో ఆ బ్యాండ్ కూడా ఉండాలి. వైఫై 7 అని అమ్మే చవక మోడళ్లలో 2.4, 5 మాత్రమే ఉండేవి ఉన్నాయి, కొనేముందు చూసుకోండి.

అపోహ: రౌటర్ కొంటే ఎంఎల్‌ఓ దానంతటదే పనిచేస్తుంది.

చాలా రౌటర్లలో అది విడిగా ఆన్ చేయాలి. ఎంఎల్‌ఓ కావాలంటే సెక్యూరిటీ WPA3 ఉండాలి. పాత పాస్‌వర్డ్‌తో పాటు WPA2 సెట్టింగ్‌ని కూడా అలాగే తెచ్చి పెట్టేస్తే ఎంఎల్‌ఓ రాదు, ఏ ఎర్రర్ కనిపించదు కూడా. మరి WPA3 పెడితే పాత ప్రింటర్, స్మార్ట్ బల్బు కనెక్ట్ అవ్వవు, దానికి నేను చేసేది వాటికోసం 2.4లో WPA2తో ఇంకో పేరు పెట్టడం. విండోస్ వాడేవాళ్లకి ఇంకోటి: వైఫై 7 కార్డు ఉన్నా విండోస్ 11లో 24H2 గానీ అంతకంటే కొత్త వెర్షన్ గానీ కావాలి. అది లేకపోతే కార్డు వైఫై 6లాగే నడుస్తుంది.

అపోహ: మెష్‌లో ఎంఎల్‌ఓ వల్ల ఒక గది నుంచి ఇంకో గదికి నడిచినా కాల్ తెగదు.

మెష్ అంటే ఇంట్లో అక్కడక్కడా పెట్టిన రెండు మూడు యూనిట్లు కలిసి ఒకే వైఫైగా పనిచేయడం. ఎంఎల్‌ఓలో లింకులన్నీ ఒకే యూనిట్‌కి. హాల్లోని యూనిట్ నుంచి పడకగదిలోని యూనిట్‌కి మారడం పాత పద్ధతిలోనే జరుగుతుంది. కానీ ఆ రెండు యూనిట్ల మధ్య నడిచే లింకుకి మాత్రం ఎంఎల్‌ఓ బాగా పనికొస్తుంది, ఎందుకంటే రెండూ కరెంటు మీద నడిచే పెద్ద పరికరాలు, పూర్తి రేడియోలు ఉంటాయి కాబట్టి అక్కడ రెండు బ్యాండ్లూ నిజంగా ఒకేసారి డేటా మోస్తాయి. కేబుల్ లాగే వీల్లేని ఇంట్లో మెష్ కావాలంటే, ఫోన్లు పాతవే అయినా నేను వైఫై 7 సెట్ తీసుకోమంటాను. కేబుల్ లాగగలిగితే మాత్రం కేబులే.

మిగతావాళ్లకి నేను చెప్పేది: పాత రౌటర్ వైఫై 6ది అయి, రౌటర్ పింగ్ నిలకడగా ఉంటే ఇప్పుడు కదిలించకండి. అది వైఫై 5దో అంతకంటే పాతదో అయి ఎలాగూ మార్చాల్సి వస్తే, 6 గిగాహెర్ట్జ్ ఉన్న వైఫై 7దే తీసుకోండి. పింగ్‌లో ఆ 120లు కనిపిస్తున్నా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్నీ 802.11ax అయితే, ముందు మారాల్సింది మీరు రోజంతా కూర్చునే ఆ ఒక్క పరికరం. ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు విడిగా ఊడొచ్చే రకమైతే ఆ కార్డు మార్చడం కుదురుతుందేమో అడగండి, బోర్డుకి అతికించేసి ఉంటే కుదరదు.