ఎక్కించిన రక్తం చాటున దాగిన సికిల్

దేవరకొండ దగ్గరి తండాలో ఒక ఆరేళ్ల పాప. సంక్రాంతి సెలవుల్లో మధ్యాహ్నమంతా పిల్లలతో కలిసి కాలువ నీళ్లలో ఆడింది. ఆ రాత్రి "అమ్మా, కాళ్లు గుంజుతున్నయ్" అని మొదలుపెట్టిన ఏడుపు తెల్లారినా ఆగలేదు. ఆస్పత్రిలో తండ్రి ఒక పాత రిపోర్టు తీసి చూపించాడు. "సికిల్ ట్రెయిటే సార్, జబ్బు కాదన్నరు."

ఆ మాట ఎక్కడ తప్పిందో అర్థం కావాలంటే కొంత వెనక్కి వెళ్లాలి. 1910లో షికాగో డాక్టర్ జేమ్స్ హెరిక్, గ్రెనడా నుంచి వచ్చిన ఒక విద్యార్థి రక్తంలో కొడవలిలా వంగిన ఎర్రకణాలున్నాయని రాశాడు. ఇంగ్లీషులో కొడవలిని సికిల్ అంటారు, జబ్బుకు ఆ పేరే పడింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఒక చిక్కు వీడలేదు. కొందరి రక్తపు చుక్కకు గాలి అందకుండా చేస్తే కణాలు అలాగే వంగేవి, కానీ ఆ మనుషులు ఆరోగ్యంగా ఉండేవాళ్లు. 1949లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ బృందం హిమోగ్లోబిన్‌ను కరెంటులో నడిపించి చూసింది. రోగుల హిమోగ్లోబిన్ ఒక తీరున కదిలింది, మామూలు వాళ్లది మరో తీరున. ఆ ఆరోగ్యవంతుల్లో రెండు రకాలూ కలిసి ఉన్నాయి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే సికిల్ జన్యువు వస్తే ట్రెయిట్, ఇద్దరి నుంచీ వస్తే జబ్బు.

కొన్నేళ్లకు వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఎంత చిన్నదో చూపించాడు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం ఉంటుంది, అంతే. గ్లుటామిక్ ఆమ్లానికి రుణావేశం ఉంది, వాలీన్‌కు లేదు. అందుకే కరెంటుతో వేరుచేసే ఎలక్ట్రోఫొరెసిస్ పరీక్ష పట్టీ మీద మామూలు హిమోగ్లోబిన్ A ధన ధ్రువం వైపు ముందుకు పోతే సికిల్ హిమోగ్లోబిన్ S వెనకబడుతుంది. రెండు గీతలు విడిగా కనిపిస్తాయి.

నొప్పికి మూలం కూడా ఆ వాలీనే. ఆక్సిజన్ వదిలేసిన S అణువు మీద అది జిగురు మచ్చలా పనిచేసి పక్క అణువును పట్టుకుంటుంది. అలా అణువులు ఒకదానికొకటి పేనుకుని, కణం లోపల గట్టి తాళ్లలా సాగి దాన్ని వంచేస్తాయి. ఇది వెంటనే జరగదు, కొంచెం వ్యవధి పడుతుంది. ఆలోపు కణం సన్నని రక్తనాళం దాటి ఊపిరితిత్తులకు చేరితే ప్రమాదం తప్పినట్టే. చలికి నాళాలు ముడుచుకుని రక్తం నెమ్మదిస్తే ఆ వ్యవధి చాలదు. ఒంట్లో నీళ్లు తగ్గితే కణంలో S చిక్కబడి తాళ్లు ఇంకా తొందరగా పేనుకుంటాయి. జ్వరమొస్తే కణాలు నాళం గోడకు అంటుకోవడం పెరుగుతుంది. దారి మూసుకుపోయిన చోట ఎముక మజ్జకు ఆక్సిజన్ అందదు. పాప కాళ్లలో ఆ రాత్రి జరిగింది ఇదే. ట్రెయిట్ ఉన్నవాళ్ల కణాల్లో సగానికి పైగా A ఉంటుంది కాబట్టి మామూలు జీవితంలో ఈ దాడులు రావు. నీళ్లు తాగకుండా ఒళ్లు హూనమయ్యేలా పరుగెత్తడం లాంటి విపరీత శ్రమలో మాత్రం వాళ్లకూ ప్రమాదం ఉంది.

ఇక ఆ పాత రిపోర్టు. అందులో హిమోగ్లోబిన్ A 48 శాతం, S 38, పసితనపు రకం F 11, అందరిలో కొద్దిగా ఉండే A2 రకం 3 ఉన్నాయి. A ఎక్కువ, S తక్కువ, చూడగానే ట్రెయిట్ అనిపిస్తుంది. కానీ ఆ పరీక్షకు మూడు వారాల ముందే, రక్తం బాగా తగ్గిందని పాపకు రెండుసార్లు రక్తం ఎక్కించారు. ఆ A పాపది కాదు, రక్తమిచ్చిన వాళ్లది. ఫారం మీద ఆ సంగతి ఎవరూ రాయలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. అనుమానించడానికి ఆధారాలు అప్పుడే ఉన్నాయి. ట్రెయిట్ వల్ల రక్తం ఎక్కించాల్సినంత రక్తహీనత రాదు. ఆరేళ్ల ట్రెయిట్ పిల్లల్లో పసితనపు హిమోగ్లోబిన్ F 11 శాతం మిగలడమూ మామూలు కాదు.

ఈసారి డాక్టరమ్మ ముందు తల్లిదండ్రుల రక్తం పంపింది. ఇద్దరిదీ ఒకటే తీరు, A 59 దగ్గర, S 37 దగ్గర. వాళ్లది మేనరికం. ఇద్దరూ ట్రెయిట్ అయితే ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పాపకు సెలైన్, నొప్పి మందులు, వెచ్చదనంతోనే దాడి తగ్గింది, మళ్లీ రక్తం ఎక్కించలేదు. ఎక్కించిన కణాలు 120 రోజులకు మించి బతకవు. అందుకని మార్చి చివర మళ్లీ శాంపిల్ తీశారు.

ఈసారి A గీత లేదు. S 76, F 21, A2 3. హైడ్రాక్సీయూరియా అనే మందు మొదలుపెట్టారు. అది F ను పెంచుతుంది, F ఆ తాళ్లలో కలవదు. తెల్లకణాలు మరీ తగ్గకుండా చూసుకోవడానికి తరచూ రక్తపరీక్ష చేయించాలని చెప్పారు. పాప రెండేళ్ల తమ్ముడి శాంపిల్ కూడా అదే రోజు ఇచ్చారు, ఫారం మీద "రక్తం ఎప్పుడూ ఎక్కించలేదు" అని తండ్రి దగ్గరుండి రాయించాడు.