మీమ్ ఆడియో ఎక్కడిది? డైలాగ్ కింద ట్యూన్ వెతకడంలో అపోహలు - వాస్తవాలు

సినిమా డైలాగ్ ఒకటి, దాని కింద ఏదో ట్యూన్ ఒకటి. రెండూ కలిసి ఒకే ఆడియోగా రీల్స్‌లో తిరుగుతుంటాయి. యూసుఫ్‌గూడలో మాది చిన్న డబ్బింగ్, మిక్సింగ్ స్టూడియో. ఇలాంటి ఆడియో పట్టుకొచ్చి "ఇది ఎవరిది?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. చాలావరకు యాడ్స్ చేసే కుర్రాళ్లే. క్లయింట్ ఆ ఆడియోనే కావాలంటాడు, వీళ్లకేమో కాపీరైట్ టెన్షన్.

అమీర్‌పేట నుంచి ఒక టీమ్ ఇటీవల తెచ్చిన ఆడియోనే ఉదాహరణగా తీసుకుంటాను. నిడివి 14 సెకన్లు. ఒక తండ్రి కొడుకును నిలదీస్తుంటాడు, కింద నెమ్మదిగా పియానో మోగుతుంటుంది. వాళ్లు వచ్చేటప్పటికే దీని గురించి కొన్ని గట్టి అభిప్రాయాలతో ఉన్నారు. దాదాపు అందరూ అలాగే వస్తారు కాబట్టి వాటినే ఒక్కొక్కటిగా చెబుతాను.

అపోహ: పాట విని పేరు చెప్పే షజామ్ యాప్‌లో దొరకలేదంటే ఆ ట్యూన్ ఎవరిదీ కాదు.

"అన్నా, షజామ్ పెట్టాం, ఏమీ రాలేదు. అంటే వాడేసుకోవచ్చు కదా?" ఆ టీమ్ అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

వాస్తవం: షజామ్ లాంటి యాప్ పాటను మనలా వినదు. ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీ గట్టిగా ఉందో చుక్కల్లా గుర్తిస్తుంది. ఆ చుక్కలను జతలు చేసి, రెండింటి ఫ్రీక్వెన్సీలు, వాటి మధ్య ఉన్న సమయం కలిపి ఒక ముద్రలా తయారు చేస్తుంది. తన దగ్గరున్న పాటల ముద్రల్లో ఇవి వరసగా ఎక్కడ సరిపోతాయో చూస్తుంది. పైన డైలాగ్ ఉంటే కొన్ని చుక్కలు పోతాయి కానీ మిగిలినవి చాలాసార్లు సరిపోతాయి. హోటల్లో గోల మధ్య కూడా పాట పట్టేయడానికి కారణం ఇదే.

అసలు దెబ్బ స్పీడ్ మార్చినప్పుడు పడుతుంది. ట్యూన్‌ను 0.85 స్పీడ్‌కు తగ్గిస్తే ప్రతి ఫ్రీక్వెన్సీ అంత మేరా కిందికి జారుతుంది, చుక్కల మధ్య సమయం పెరుగుతుంది. ఏ జతా పాత ముద్రతో కలవదు. చెవికి అదే ట్యూన్, యాప్‌కు మాత్రం కొత్త పాట. మీమ్ ఎడిట్లలో బాధ ధ్వనించాలంటే ట్యూన్‌ను స్లో చేసి రివర్బ్ వేయడం రివాజు. అందుకే "దొరకలేదు" అని వస్తే ముందు స్పీడ్‌ను అనుమానించాలి.

మరి అసలు స్పీడ్ ఎంతో ఎలా తెలుస్తుంది? ముందు మంచి కాపీ కావాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయినది కాకుండా, నేరుగా రీల్ నుంచి తీసిన వీడియో. దాన్నుంచి ఆడియోను ffmpeg అనే కమాండ్ టూల్‌తో ఇలా విడదీస్తాం:

```
ffmpeg -i reel.mp4 -vn -ac 2 -ar 48000 reel.wav
```

దీన్ని ఆడాసిటీలో తెరిచి, వేవ్‌ఫార్మ్ బదులు స్పెక్ట్రోగ్రామ్ పెట్టి చూస్తే ఏ ఫ్రీక్వెన్సీ వరకు శబ్దం ఉందో బొమ్మలా కనిపిస్తుంది. మా ఆడియోలో డైలాగ్ అయిపోయాక చివర్లో ట్యూన్ ఒక్కటే కాసేపు మోగుతుంది. అక్కడ బొమ్మ పై అంచు కత్తితో కోసినట్టు 13.6 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. డైలాగ్ ఉన్నచోట మాత్రం "స", "శ" అక్షరాలు ఆ గీత దాటి పైకి వెళ్తున్నాయి. అంటే గీత రీల్ వల్ల వచ్చింది కాదు, ట్యూన్‌తో పాటు వచ్చింది.

128 కేబీపీఎస్ ఎంపీ3 సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కోసేస్తుంది. ఆ ఎంపీ3ని స్లో చేస్తే కోత గీత కూడా కిందికి దిగుతుంది. 13.6ని 16తో భాగిస్తే 0.85. ఇది రుజువు కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఆనవాలు మాత్రమే. ఎడిటర్ కావాలనే పై ఫ్రీక్వెన్సీలు తగ్గించి ఉండొచ్చు కూడా. కానీ అలా ఫిల్టర్ వేస్తే అంచు మెల్లగా మసకబారుతుంది, ఇంత నిక్కచ్చిగా తెగదు.

ట్యూన్ ఒక్కటే ఉన్న ముక్కను కత్తిరించి దాని స్పీడ్ వెనక్కి పెంచాం. ఫైల్ శాంపిల్ రేట్ 48000ను 0.85తో భాగిస్తే 56470 వస్తుంది:

```
ffmpeg -i gap.wav -af "asetrate=56470,aresample=48000" gap_fix.wav
```

ఇది స్పీడ్, పిచ్ రెండూ కలిపి మారుస్తుంది. కొందరు పిచ్ అలాగే ఉంచి టెంపో ఒక్కటే తగ్గిస్తారు, దానికి ఈ లెక్క పనికిరాదు, atempo ఫిల్టర్ వాడాలి. మా ముక్క ఇప్పుడు దాదాపు మూడు మెట్లు పైకి వచ్చింది. మళ్లీ యాప్‌కు వినిపిస్తే పేరు వెంటనే వచ్చింది.

అపోహ: డైలాగ్ ఆ సినిమాదైతే ట్యూన్ కూడా ఆ సినిమా ఆర్ఆరే, అంటే నేపథ్య సంగీతమే.

వాస్తవం: వినగానే అలాగే అనిపిస్తుంది, ఎందుకంటే మీమ్ చేసినవాడి పనితనమే అది. సీన్‌కు ఆ ట్యూన్ అంతలా అతికిపోతే సినిమాలో ఇలాగే విన్నామని మనకూ గుర్తున్నట్టు ఉంటుంది. తేల్చడానికి నేను చూసే మొదటి చోటు డైలాగ్ మధ్య అతుకులు.

రీల్ కోసం డైలాగ్‌ను కుదించేటప్పుడు మధ్యలో ఉన్న గ్యాప్‌లు కోసేస్తారు. ట్యూన్ సినిమాలోదే అయితే గ్యాప్‌తో పాటు అది కూడా తెగుతుంది. తాళం తప్పుతుంది, లేదా ఒక స్వరం సగంలో ఆగి ఇంకోటి మొదలవుతుంది. మా ఆడియోలో తండ్రి రెండు వాక్యాల మధ్య కోత స్పష్టంగా ఉంది. వాక్యంతో పాటు మొదలైన పాత ప్రింట్ సొద, వాక్యం ఆగగానే టక్కున ఆగిపోతోంది. ట్యూన్ మాత్రం ఎక్కడా తొట్రుపడకుండా సాగుతోంది. అంటే డైలాగ్‌ను కోసి సర్దాక కింద వేశారన్నమాట.

రెండో ఆధారం ఇంకా గట్టిది. డైలాగ్ ఏ సినిమాదో తెలిశాక ఓటీటీలో ఆ సీన్ పెట్టి ఒక వాక్యం నిడివి కొలిచాం. ఓటీటీలో సరిగ్గా 10 సెకన్లు, మీమ్‌లో 9.6. పదిని 9.6తో భాగిస్తే 1.0417. ఈ సంఖ్య మా పనిలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు, మన టీవీ పద్ధతిలో 25 ఫ్రేములు. టీవీ ప్రింట్ చేసేటప్పుడు సినిమాను 25కి పరిగెత్తిస్తే గొంతు కూడా నాలుగు శాతం వేగంగా, కొంచెం పైస్థాయిలో వస్తుంది. అంటే ఈ డైలాగ్ ఓటీటీ నుంచి రాలేదు, టీవీ ప్రింట్ నుంచి వచ్చింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. డైలాగ్ నాలుగు శాతం వేగంగా ఉంది, ట్యూన్ పదిహేను శాతం నెమ్మదిగా ఉంది. ఒకే సీన్ నుంచి వచ్చి ఉంటే రెండింటి మార్పూ ఒకేలా ఉండాలి. రెండు వేర్వేరు స్పీడ్‌లు ఉన్నాయంటే రెండు వేర్వేరు మూలాలు ఉన్నట్టే. ఈ కేసు నాకు తేలింది ఇక్కడే.

ఓటీటీలో సినిమా లేకపోతే ఇంకో దారి ఉంది. డబ్బింగ్ కోసం డైలాగ్‌లు తీసేసి మ్యూజిక్, ఎఫెక్ట్స్ మాత్రమే ఉన్న ట్రాక్ ఇస్తారు, మేం దాన్ని ఎం అండ్ ఈ అంటాం. కాబట్టి హిందీ డబ్బింగ్ వెర్షన్‌లో అదే సీన్ వింటే, భాష మారినా ఆర్ఆర్ అదే ఉండే అవకాశం ఉంది. అక్కడ ఆ ట్యూన్ వినిపిస్తే సినిమాదే. వినిపించకపోతే మాత్రం కాదని తీర్పు ఇవ్వకండి, కొన్ని హిందీ వెర్షన్లలో ఆర్ఆర్ మొత్తం మార్చేస్తారు.

అపోహ: గొంతు గుర్తుపడితే సినిమా దొరికినట్టే.

వాస్తవం: తెలుగులో ఇది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. రాజశేఖర్ గొంతు అనుకునేది ఎన్నో సినిమాల్లో సాయికుమార్ గొంతు. సుమన్‌కూ ఆయనే చెప్పారు. ఎందరో విలన్లకు పి. రవిశంకర్, హీరోయిన్లకు గాయని సునీత, తెలుగు డబ్బింగ్‌లో రజనీకాంత్‌కు మనో చెప్పిన సినిమాలు చాలానే ఉన్నాయి. మా అమీర్‌పేట టీమ్ ఒక నటుడి పేరు పట్టుకుని ఆయన సినిమాలన్నీ తిరగేశారు. అసలు ఆ సీన్‌లో ఉన్నది వేరే నటుడు, గొంతు మాత్రమే అదే. వెతకాల్సింది గొంతును కాదు, మాటలను. డైలాగ్‌లో మామూలుగా ఎవరూ వాడని మూడు నాలుగు మాటలు వరసగా తీసుకుని తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ వెతికితే త్వరగా దొరుకుతుంది. కామెంట్లలో జనం ఆ మాటలే టైప్ చేస్తారు.

అపోహ: "Original audio" అని ఎవరి పేరు ఉంటే వాళ్లే చేశారు.

వాస్తవం: ఆ ఆడియోను తన వీడియోతో పాటు ఎక్కించిన అకౌంట్ పేరు అది, అంతే. ఇంకొకరు అదే వీడియో డౌన్‌లోడ్ చేసి మళ్లీ ఎక్కిస్తే వాళ్ల పేరుతో ఇంకో "Original audio" పుడుతుంది. ఎక్కువ వ్యూస్ ఉన్నది మొదటిది కానక్కర్లేదు, దొరికినవాటిలో పాత తేదీ ఉన్నది కూడా అంతే. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్ నిషేధించాక అక్కడ పుట్టిన ఆడియోల మొదటి పోస్టులు ఇక్కడి నుంచి చూడలేం. వాటి రీఅప్‌లోడ్‌లే మిగిలాయి.

అపోహ: పేరు దొరికితే హక్కుదారు దొరికినట్టే.

వాస్తవం: యాప్ చూపించిన పేరు అసలు ట్యూన్‌ది. కానీ మీమ్ ఆడియోను మార్చకుండా యూట్యూబ్‌లో ప్రైవేట్ వీడియోగా ఎక్కించి, పబ్లిష్ చేయకముందు వచ్చే Checks దశలో చూస్తే వేరే క్లెయిమ్ వచ్చింది. ఎవరో ఆ ట్యూన్‌నే స్లో చేసి తన పేరుతో మ్యూజిక్ డిస్ట్రిబ్యూటర్ ద్వారా విడుదల చేశారు. స్లో వెర్షన్ ముద్ర ఆ పేరు మీద ఉంది కాబట్టి క్లెయిమ్ అటు వెళ్లింది. అసలు ట్యూన్ మాత్రం పేరు ప్రస్తావిస్తే ఎవరైనా వాడుకోవచ్చని స్వరకర్తే తన సైట్‌లో పెట్టినది. కెవిన్ మెక్లౌడ్ incompetech.com లో ఏళ్లుగా పెడుతున్న ట్యూన్లు ఈ పద్ధతివే. మీమ్‌లలో ఇలాంటివి చాలా తిరుగుతుంటాయి. అందుకే క్లెయిమ్ చూసి ఆగిపోకుండా, అసలు స్పీడ్‌లో ఉన్న వెర్షన్‌ను స్వరకర్త సొంత పేజీలో విని, అక్కడ రాసిన షరతులు చదవాలి.

ఆ టీమ్‌కు ఇచ్చిన కాగితంలో మూడే అంశాలు రాశాను. డైలాగ్ ఫలానా సినిమాది, టీవీ ప్రింట్ నుంచి తీసినది, నిర్మాత అనుమతి లేకుండా యాడ్‌లో వాడొద్దు. ట్యూన్ ఫలానా స్వరకర్తది, 0.85 స్పీడ్‌లో వేశారు, పేరు వేసి వాడుకోవచ్చు. రెండింటినీ మొదట కలిపినది ఎవరో తేలలేదు. వాళ్లు డైలాగ్ వదిలేసి తమ సొంత లైన్ రాసుకున్నారు. మా దగ్గరే ఒక డబ్బింగ్ ఆర్టిస్ట్‌తో చెప్పించి, స్వరకర్త సైట్ నుంచి దించుకున్న ఫైల్ మీద మిక్స్ చేయించుకుని వెళ్లారు.